కీలో లేని జవాబు సరైనదే అయితే మార్కు ఎలా వేయాలి?

పదో తరగతి జీవశాస్త్రం పేపర్లు దిద్దేటప్పుడు నన్ను చాలాసేపు ఆపేసిన ఒక జవాబుతో మొదలుపెడతాను. ఎవరి పేపరో గుర్తుపట్టే వీలు లేకుండా ప్రశ్ననూ జవాబులనూ కొంచెం మార్చి రాస్తున్నాను. చిక్కు మాత్రం అదే.

ప్రశ్న ఇది: “భారీ వర్షాలకు పొలాల్లోని ఎరువులు కొట్టుకొచ్చి ఊరి చెరువులో కలిశాయి. కొన్ని వారాల తర్వాత చెరువులో చేపలు చచ్చి తేలాయి. ఇలా ఎందుకు జరిగిందో వివరించండి.” నాలుగు మార్కులు.

మాకు ఇచ్చిన కీలో నాలుగు పాయింట్లు ఉన్నాయి, ఒక్కోదానికి ఒక మార్కు. ఎరువుల్లోని నైట్రేట్లు, ఫాస్ఫేట్ల వల్ల నాచు విపరీతంగా పెరుగుతుంది. నాచు పైన కమ్మేసి వెలుతురును అడ్డుకోవడంతో లోపలి మొక్కలు చనిపోతాయి. చచ్చిన మొక్కలను కుళ్ళబెట్టే బ్యాక్టీరియా బాగా పెరుగుతుంది. ఆ బ్యాక్టీరియా శ్వాసక్రియకు నీటిలోని ఆక్సిజన్ ఖర్చైపోయి చేపలు చనిపోతాయి.

నా చేతిలోని జవాబు ఇలా ఉంది: “ఎరువుల వల్ల నీళ్ళు ముదురు పచ్చగా అవుతాయి. పగలు ఆ పచ్చదనం ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి ఎండ ఉండదు కాబట్టి ఇవ్వదు, పైగా అదే ఆక్సిజన్ తీసుకుంటుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. అప్పుడు ఏరియేటర్ వేయకపోతే చచ్చిపోతాయి. మబ్బు పట్టిన రోజుల్లో ఇంకా ఎక్కువ.”

పేపర్ మీద కోడ్ తప్ప ఊరు, పేరు ఉండవు. అయినా ఈ పిల్ల చేపల చెరువు గట్టు మీద పెరిగిందని చదవగానే తెలిసిపోతుంది. పక్క బల్ల దగ్గరున్న మాస్టారికి చూపించాను. “ఇందులో బ్యాక్టీరియా లేదు, వెలుతురు అడ్డుకోవడం లేదు. మొదటి పాయింట్‌కి ఒకటి, ఆక్సిజన్ తగ్గిందన్నందుకు అర. ఒకటిన్నర వేసెయ్యండి మేడమ్” అన్నారు. ఎదురుగా కూర్చున్న ఇంకో మేడమ్ “ఇంత చక్కగా రాస్తే నాలుగూ ఇవ్వాల్సిందే” అన్నారు. ఒకే జవాబుకు రెండున్నర మార్కుల తేడా. ఇద్దరూ పాతికేళ్ళుగా పాఠం చెబుతున్నవాళ్ళే.

ఈ తేడాను తగ్గించడానికే కీ పుట్టింది. 1913లో అమెరికాలో డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఎలియట్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే విద్యార్థి రాసిన ఒకే జామెట్రీ జవాబు పత్రం నకళ్ళను వందమందికి పైగా ఉపాధ్యాయుల చేత దిద్దించారు. నూటికి 28 వేసినవాళ్ళు ఉన్నారు, 90 దాటించినవాళ్ళూ ఉన్నారు. తప్పొప్పులు తేటగా తెలిసే లెక్కల పేపర్‌కే ఆ గతి పట్టింది. దేనికి ఎన్ని మార్కులో ముందే రాసిపెట్టుకోకపోతే పిల్లల మార్కులు వాళ్ళ జవాబు మీద కంటే దిద్దేవాళ్ళ మీదే ఎక్కువ ఆధారపడతాయి. అందుకే “కీలో ఉన్నదానికే వేస్తాను” అనే మాస్టారిని నేను కఠినుడని అనుకోను. ఆయన కాపాడుతున్నది ఒక న్యాయాన్నే.

అయితే కీ తయారుచేసేవాళ్ళే దాన్ని పూర్తి జాబితాగా ఇవ్వరు. సీబీఎస్‌ఈ మార్కింగ్ స్కీముల మొదటి పేజీలో ఉండే సూచనల్లో ఈ సంగతి స్పష్టంగా ఉంటుంది. స్కీములో ఇచ్చినవి సూచించిన వాల్యూ పాయింట్లు మాత్రమేననీ, అవే పూర్తి జవాబు కావనీ, విద్యార్థి తన మాటల్లో రాసినది సరైతే తగిన మార్కులు ఇవ్వాలనీ చెబుతారు. కొత్త సమాచారం మీద ఆధారపడిన జవాబులనూ, కొత్త తీరులో రాసినవాటినీ అవి ఒప్పో కాదో చూసి మార్కులు వేయమంటారు. అదే పేజీలో, ఎవరికి తోచినట్టు వాళ్ళు అర్థం చేసుకుని దిద్దకూడదని కూడా ఉంటుంది. కేంబ్రిడ్జ్ ఇంటర్నేషనల్ పరీక్షల సూత్రాల్లోనూ ఇలాంటిదే ఉంది: సిలబస్‌నూ స్కీమునూ దాటి వెళ్ళిన జవాబైనా సరైతే మార్కు ఇవ్వాలి, అవసరమైతే టీమ్ లీడర్‌ను అడగాలి.

ఒక వాక్యం తలుపు తెరుస్తుంది, పక్క వాక్యం మూస్తుంది. దిద్దేవాళ్ళకు టెన్షన్ ఇక్కడే. రెండింటినీ కలిపి చదివితే అర్థమయ్యేది ఒకటే: కీలో లేని జవాబుకు మార్కు వేయవచ్చు, కానీ ఏ కారణంతో వేశామో ఇంకొకరికి చెప్పగలగాలి. ఆ కారణం “బాగా రాసింది” అయితే చాలదు.

కీలో లేవని మనం అనే జవాబులన్నీ ఒక రకం కావు. ముందు వాటిని వేరు చేసుకుంటే సగం గొడవ తీరిపోతుంది.

కొన్నిట్లో మాట మాత్రమే వేరు. ఈ పిల్ల రాసిన “నీళ్ళు ముదురు పచ్చగా అవుతాయి” అలాంటిది. కీలో “నాచు” ఉంది, పేపర్‌లో ఆ మాట లేదు. కానీ ఆ పచ్చదనం పగలు ఆక్సిజన్ ఇస్తుందని వెంటనే రాసింది. అంటే అది రంగు కలవడం కాదనీ, కిరణజన్య సంయోగక్రియ చేసే జీవమనీ ఆమెకు తెలుసు. కాబట్టి మొదటి పాయింట్ వచ్చినట్టే, ఇందులో చర్చ అక్కర్లేదు. అదే ఇంకెవరైనా “నీళ్ళు పచ్చగా అవుతాయి” అని రాసి ఆపేస్తే నేను ఆలోచిస్తాను. ఒక మాట సరిపోతుందా లేదా అన్నది చాలాసార్లు దాని పక్క వాక్యమే చెబుతుంది. కీలక పదాల కింద గీతలు గీస్తూ వేగంగా దిద్దేటప్పుడు మనం పోగొట్టేది ఆ పక్క వాక్యాన్నే.

రెండో రకంలో విషయమే వేరు, కానీ వివరణలో అది చేసే పని ఒకటే. మూడో రకంలో దారి మొత్తం వేరు. మనసు పెట్టాల్సింది ఈ రెండింటి మీదే.

రెండో రకాన్ని తేల్చాలంటే కీలోని ప్రతి పాయింట్‌నూ “ఇది ఇక్కడ ఎందుకుంది?” అని అడగాలి. మొదటిది మొదలు ఏమిటో చెబుతుంది: ఎరువు వల్ల నాచు పెరిగింది. రెండోది ఆ నాచు కీడుగా ఎలా మారిందో చెబుతుంది. మూడోది ఆక్సిజన్‌ను వాడేసేది ఎవరో చెబుతుంది. నాలుగోది ఆ వాడకం వల్ల ఆక్సిజన్ పడిపోయి చేపలు చనిపోయాయని ముగిస్తుంది. ఇది ఒక గొలుసు. ప్రశ్న “వివరించండి” అంది కాబట్టి మార్కులు గొలుసులోని లంకెలకు. బ్యాక్టీరియా అన్న పేరుకు విడిగా మార్కు లేదు.

ఇప్పుడు పిల్ల జవాబును ఆ లంకెల పక్కన పెట్టి చూద్దాం. ఎరువు వల్ల పచ్చదనం పెరిగింది, మొదటి లంకె ఉంది. రాత్రి వెలుతురు లేక అది ఆక్సిజన్ ఇవ్వదు, అంటే మేలు చేసే నాచు ఎప్పుడు, ఎందుకు కీడు చేస్తుందో చెప్పింది. రెండో లంకె చేసే పని ఇదే. “పైగా అదే ఆక్సిజన్ తీసుకుంటుంది” అంటే వాడేసేది ఎవరో చెప్పింది. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి చేపలు పైకి వచ్చి చనిపోతాయి, ఇది ముగింపు లంకె. గొలుసు ఎక్కడా తెగలేదు.

ఇక ఇది నిజమేనా? లంకెలు కుదిరినంత మాత్రాన మార్కు రాదు, చెప్పింది నిజం కూడా కావాలి. భీమవరం, కైకలూరు వైపు చేపల రైతుల్లో ఎవరినడిగినా ఇదే చెబుతారు. నాచు పగలు రాత్రి అన్న తేడా లేకుండా శ్వాసిస్తుంది, ఆక్సిజన్ తయారుచేసేది మాత్రం వెలుతురులోనే. అందుకే చెరువు నీటిలో కరిగిన ఆక్సిజన్ మధ్యాహ్నం దాటాక ఎక్కువగానూ, సూర్యోదయానికి కాస్త ముందు అతి తక్కువగానూ ఉంటుంది. నాచు ఎంత చిక్కగా ఉంటే ఈ ఎత్తుపల్లాలు అంత పెద్దవి. లీటరుకు 5 మిల్లీగ్రాముల దగ్గర ఉన్నంతకాలం చేపలు హాయిగా ఉంటాయి. 2కు పడిపోతే పైకి వచ్చి గుటకలు వేస్తాయి. ఏరియేటర్లు ఎక్కువగా తెల్లవారుజామున తిప్పేది అందుకే. మబ్బు రోజున పగటి తయారీ తగ్గుతుంది కాబట్టి రాత్రి మొదలయ్యేసరికే నిల్వ తక్కువగా ఉంటుంది. పిల్ల రాసిన చివరి వాక్యం కూడా నిజమే.

కాబట్టి నాలుగుకు నాలుగు. పక్క బల్ల మాస్టారికి నేను చెప్పిన కారణం ఇదే. ఆయన అడిగిన ప్రశ్న కూడా మంచిదే: “మరి కుళ్ళడం గురించి పాఠంలో చెప్పాం కదా, అది రాకపోయినా ఫర్వాలేదా?” పాఠంలో చెప్పినది వచ్చో లేదో చూడాలంటే ప్రశ్నలోనే అడగాలి. “కుళ్ళబెట్టే జీవుల పాత్ర వివరించండి” అని ఉంటే ఈ జవాబుకు నేనూ ఒక మార్కు మించి ఇవ్వను. అడగని షరతును దిద్దేటప్పుడు పెట్టడం సరికాదు.

మూడో రకానికి అదే కట్టలో ఒక ఉదాహరణ దొరికింది: “యూరియా నీళ్ళలో కలిస్తే అమ్మోనియా అవుతుంది. అమ్మోనియా చేపల మొప్పలను పాడు చేస్తుంది. కాబట్టి చేపలు చనిపోయాయి.” ఇందులో నాచు లేదు, ఆక్సిజన్ లేదు. కీలోని ఒక్క లంకెతోనూ కలవదు. కీ పక్కన పెట్టి దిద్దితే సున్నా పడుతుంది. కానీ ఇది నిజం. యూరియా నీటిలో విడిపోయి అమ్మోనియా వస్తుంది, అది మొప్పలకు హాని చేస్తుంది.

ఇలాంటప్పుడు కీలోని పాయింట్లతో పోల్చడం కుదరదు. ప్రశ్నను మళ్ళీ చదివి ఇది అక్కడి వివరాలన్నిటికీ సరిపోతుందా అని చూడాలి. ఎరువులు కలిశాయి, సరిపోయింది. “కొన్ని వారాల తర్వాత” అన్న వివరం మాత్రం నెమ్మదిగా సాగే మార్పును సూచిస్తుంది. భారీ వర్షాలు అన్నారు కాబట్టి నీరు కూడా పెరిగి ఉంటుంది, అమ్మోనియా ఎంత చిక్కగా ఉంటుందన్నది అనుమానమే. అయినా ఈ కారణాన్ని పూర్తిగా తోసిపుచ్చే వివరం ప్రశ్నలో లేదు. అప్పుడు లంకెలు లెక్కపెడతాను. యూరియా అమ్మోనియాగా మారడం ఒకటి, మొప్పలు పాడవడం రెండు. “చేపలు చనిపోయాయి” అన్నది ప్రశ్నలోనే ఉంది, ప్రశ్నను తిరిగి రాసినదానికి మార్కు ఉండదు. నాలుగుకు రెండు. మొప్పలు పాడైతే ఆక్సిజన్ అందదని ఇంకో వాక్యం రాసి ఉంటే మూడు ఇచ్చేదాన్ని.

జవాబు సరైనది అనగానే పూర్తి మార్కులు వేసేయడం ఇక్కడ జరిగే మామూలు పొరపాటు. కొత్తగా కనబడినదాని మీద మనకు ముచ్చట పుడుతుంది. కానీ కీలోని దారిలో వెళ్ళిన విద్యార్థి నాలుగు మార్కులకు నాలుగు లంకెలు చెప్పాలి. వేరే దారిలో వెళ్ళినవాళ్ళకూ అదే కొలత ఉండాలి.

ఇంకో పేపర్‌లో “ఎరువులు విషం. చేపలు వాటిని తిని చనిపోయాయి” అని ఉంది. పైకి ఇదీ అమ్మోనియా జవాబులాగే ఉంటుంది. దానికి రెండు వేసి దీనికి సున్నా వేస్తే చేయి వణుకుతుంది. తేడా ఏమిటంటే, మొదటిదాంట్లో ఒకదాని నుంచి ఇంకొకటి ఎలా వచ్చిందో ఉంది. రెండోదాంట్లో “విషం” అన్న మాట దగ్గరే ఆలోచన ఆగిపోయింది, పైగా చేపలు ఎరువు తినడం వల్ల చచ్చాయనడం పొలాల నుంచి కరిగి వచ్చిన ఎరువు విషయంలో పొసగదు. సున్నాయే వేశాను. జాలితో ఇచ్చే అర మార్కు ఆ పిల్లవాడికి మేలు చేసినట్టు కనబడుతుంది. అదే జవాబు ఇంకో గదిలో సున్నా తెచ్చుకున్నవాడి సంగతి అప్పుడు మనకు గుర్తుండదు.

గొలుసు కాని ప్రశ్నలకు పద్ధతి కొంచెం వేరు. “ఎడారి మొక్కలు నీటి నష్టాన్ని తగ్గించుకునే రెండు మార్గాలు రాయండి” అంటే కీలో ఆరు ఇచ్చినా ఏడోది నిజమైతే దానికీ మార్కు ఉంటుంది, అంతే. అక్కడ చూడాల్సింది రెండు పాయింట్లు నిజంగా రెండేనా అన్నది. “ఆకులు ముళ్ళుగా మారాయి”, “ఆకులు చాలా చిన్నవి” అని రాస్తే అవి ఒకే ఆలోచనకు రెండు రూపాలు. రెండు అడిగితే ఐదు రాసి అందులో రెండు తప్పులుంటే ఏం చేయాలన్నది కీలోనే ముందుగా రాసుకోవాలి. ఇంగ్లండ్ పరీక్షా బోర్డుల సైన్స్ స్కీముల్లో ఇలాంటి జాబితాలో అదనంగా రాసిన ప్రతి తప్పూ ఒక ఒప్పును కొట్టేస్తుంది. మన దగ్గర చాలామంది తప్పులను వదిలేసి ఒప్పులను లెక్కపెడతారు. ఏ పద్ధతైనా గది మొత్తానికి ఒకటే కావాలి.

అసలు కష్టం జవాబును తేల్చడంలో కంటే తేల్చిన తర్వాతే ఎక్కువ. ఆ పచ్చనీటి జవాబు నాకు కనబడింది రెండో రోజు మధ్యాహ్నం. అప్పటికి నేను అదే ప్రశ్నను దాదాపు 60 పేపర్లలో దిద్దాను. నా గదిలో మిగతావాళ్ళవీ కలిపితే కొన్ని వందలు. వాటిలో ఇలాంటిది ఎవరైనా రాస్తే ఒకటిన్నర పడి ఉంటుంది. ఈ పిల్లకు నాలుగు వేసి నేను ముందుకు వెళ్ళిపోతే, ఒకరికి న్యాయం చేసినట్టూ అవుతుంది, మిగతావాళ్ళకు అన్యాయం చేసినట్టూ అవుతుంది.

అందుకే ఇలాంటి నిర్ణయం ఒక బల్ల దగ్గర ఉండిపోకూడదు. నేను మార్కు పెన్సిల్‌తో పక్కన రాసి, పేపర్‌ను చీఫ్ ఎగ్జామినర్ దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన చదివి, జువాలజీ చదివిన ఇంకొకరిని పిలిచి అడిగి, ఒప్పుకున్నారు. తర్వాత గదిలో అందరికీ వినబడేలా చెప్పి, కీ కింద ఒక వాక్యం చేతితో రాయించారు. చివరగా అందరం అప్పటికే దిద్దిన కట్టల్లో ఆ ఒక్క ప్రశ్ననే మళ్ళీ తిరగేశాం. నా 60లో అలాంటివి మూడు దొరికాయి. ఒకదానికి నేనే ఒకటిన్నర వేశాను. అది నేను చదివి వేసిందే. మొదటిరోజు నా కళ్ళు “బ్యాక్టీరియా” కోసమే వెతికాయి.

ఇంగ్లండ్‌లోని ఏక్యూఏ బోర్డు ఈ పనిని దిద్దడం మొదలుకాకముందే చేయిస్తుంది. ఎగ్జామినర్లు ముందుగా కొన్ని పేపర్లు చూసి, స్కీములో లేని జవాబులను సమావేశంలో చర్చకు పెడతారు, వాటికి అక్కడే ఒక తీర్పు రాసుకుంటారు. ఆ తర్వాత కొత్తది కనబడితే సొంతంగా తేల్చకుండా పైవాళ్ళకు పంపాలి. మన స్పాట్ వాల్యుయేషన్‌లోనూ మొదటి పూట కీ చదివి చర్చించడం ఉంటుంది. కానీ ఆ చర్చ ఎక్కువగా అచ్చులో ఉన్న పాయింట్ల మీదే సాగుతుంది. నిజమైన పేపర్లు ఓ పది చదివాక ఇంకోసారి కూర్చుంటే ఇలాంటి జవాబుల్లో చాలావరకు ఆ పూటే బయటపడతాయి.

కీ ఇరుకుగా ఉందని ముందే అనుమానించడానికి ఒక గుర్తు ఉంది. మిగతా ప్రశ్నలన్నీ బాగా రాసిన విద్యార్థి ఒక ప్రశ్నకు పొడవైన, తీరైన జవాబు రాసి ఒకటో ఒకటిన్నరో తెచ్చుకుంటే అక్కడ ఆగి చదవాలి. అలాంటి పేపర్లు రెండుమూడు కట్టల్లో ఒకే ఆలోచనతో కనబడితే తప్పు పిల్లల్లో ఉండే అవకాశం తక్కువ. ఒకే కట్టలో ఒకే వాక్యాలతో వరసగా కనబడితే మాత్రం అది వేరే సమస్య, చీఫ్‌కు వేరుగా చెప్పాల్సింది.

ఆ ప్రశ్నకు కీని ఇప్పుడు రాయమంటే నేను ఇలా రాస్తాను. ఒకటి: ఎరువుల్లోని పోషకాల వల్ల నాచు, లేదా నీటిని పచ్చబరిచే జీవులు పెరుగుతాయని చెప్పాలి. రెండు: ఆ పెరుగుదల హానిగా ఎలా మారిందో చెప్పాలి; లోపలి మొక్కలకు వెలుతురు అందకపోవడం, లేదా రాత్రి ఆక్సిజన్ తయారీ ఆగిపోవడం, ఏదైనా సరే. మూడు: ఆక్సిజన్‌ను వాడేసేది ఏదో చెప్పాలి, కుళ్ళబెట్టే బ్యాక్టీరియా గానీ, రాత్రివేళ నాచు గానీ. నాలుగు: నీటిలో కరిగిన ఆక్సిజన్ తగ్గి చేపలకు శ్వాస అందలేదని చెప్పాలి, “చేపలు చనిపోయాయి” అని మాత్రమే రాస్తే మార్కు లేదు. రెండు దారులూ కలిపి రాసినా నాలుగుకు మించదు. అమ్మోనియా, మొప్పల దారికి ప్రతి సరైన లంకెకూ ఒకటి, గరిష్ఠంగా మూడు. ఇవి కాక ఇంకేదైనా నిజమని తోస్తే పెన్సిల్‌తో రాసి చీఫ్‌కు చూపించాలి.